వార్తల్లో పదం: రేటెడ్ కెపాసిటీ

కొత్త ఫోన్ వచ్చిందంటే వార్తల్లో కనిపించేది '5000 ఎంఏహెచ్ (టిపికల్)' అన్న అంకె. బ్యాటరీ లేబుల్ మీద దాని పక్కనే 'రేటెడ్ 4880' అనీ ఉండొచ్చు. రెండూ ఒకే బ్యాటరీవి.

రేటెడ్ అంటే నిర్ణీత పరీక్షలో ఈ మోడల్ కొత్త బ్యాటరీ కనీసం ఇంత ఇస్తుందని తయారీదారు ప్రకటించే అంకె. ఆ పరీక్షలో గది ఉష్ణోగ్రత దగ్గర, సుమారు అయిదు గంటల్లో ఖాళీ అయ్యేంత నెమ్మదిగా కరెంటు తీస్తారు. ఒకే బ్యాచ్‌లోని సెల్స్ కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. కొన్ని 4920 ఇస్తాయి, కొన్ని 5060. వాటి సగటు లాంటిదే టిపికల్. అబద్ధం కాదు గానీ, మీ చేతికొచ్చిన ఫోన్‌కు హామీ కూడా కాదు.

పోల్చేటప్పుడు రేటెడ్‌నే నమ్మాలి, అదీ రెండు వైపులా. ఒక ఫోన్ 5000 టిపికల్, 4880 రేటెడ్. రెండోది 4950 రేటెడ్ అనుకుందాం. ప్రకటనలో మొదటిదే పెద్దది, హామీలో మాత్రం రెండోది 70 ఎక్కువ. వోల్టేజీలు వేరైతే ఎంఏహెచ్ వదిలేసి వాట్ అవర్లు చూడాలి: 4.88 ఆంపియర్ అవర్లను 3.87 వోల్టులతో గుణిస్తే సుమారు 18.9.

పవర్ బ్యాంకుల దగ్గర ఇదే మాటకు అర్థం మారుతుంది. 10000 ఎంఏహెచ్ అన్నది లోపలి సెల్స్‌ది, సుమారు 3.7 వోల్టుల దగ్గర. రేటెడ్ 6000 అన్నది 5 వోల్టులకు పెంచాక, నష్టాలు పోగా బయటికొచ్చేది.