మెరూన్‌లో ముంచాక పిస్తా రంగు అడిగితే

భూదాన్ పోచంపల్లిలో పెళ్లి చీర ఆర్డర్ ఇచ్చినవాళ్లు పని సగంలో ఉండగా ఫోన్ చేసి రంగు మార్చమనడం తరచూ జరిగేదే. వాళ్ల వైపు నుంచి చూస్తే అది పెద్ద కోరికేం కాదు. మగపెళ్లివారు పెట్టే చీర కూడా మెరూనే అని తెలిసింది, మనది పిస్తా రంగైతే ఫోటోల్లో బాగుంటుంది, ఇంకా నేత మొదలుపెట్టలేదంటున్నారు కదా, మార్చేయొచ్చు. మామూలు చీరకైతే ఆ ఆలోచన కొంతవరకు సరైనదే. పోచంపల్లి చీరలో మాత్రం నేత చివరి అంకం. డిజైన్ మగ్గం మీద పుట్టదు, అంతకుముందే నూలు మీద అద్దుకుని ఉంటుంది. మగ్గం మీద ఒక్క అంగుళం నేయకపోయినా చీర సగానికి పైగా తయారైనట్టే. ఆ సంగతి కొనేవారికి తెలియదు, నేయించేవారికి విడమరిచి చెప్పే తీరిక ఉండదు. మాటపట్టింపులన్నీ ఆ మధ్యలోనే పుడతాయి.

ఒక ఆర్డర్ తీసుకుని చూద్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. పద్దెనిమిది వేల రూపాయల పట్టు చీర, ఆరు వేలు అడ్వాన్సు. ఒళ్లంతా మెరూన్, మధ్యమధ్య తెలుపు, పసుపు రంగుల్లో ఏనుగు బొమ్మలు, ఆకుపచ్చ అంచు. పెళ్లి ఐదు వారాల్లో ఉంది. విజయవాడ నుంచి పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసి ఒళ్లు పిస్తా రంగు చేయమన్నారు.

ఆ సమయానికి ఆమె చీర ఎక్కడుందో చూడాలి. పడుగు, అంటే నిలువు పోగులు, ఒక్క చీర కోసం సిద్ధం చేయరు. ఏడెనిమిది చీరల పొడవున ఒకేసారి రంగు వేసి, అచ్చు అతికి మగ్గానికి ఎక్కిస్తారు. ఈ పడుగు మెరూన్, అంచు పోగులు ఆకుపచ్చ. ఏడు చీరల పడుగులో రెండు నేసి దించారు, మూడోది ఈమెది. తర్వాతి నాలుగూ వేరేవాళ్లవి. ఇక పేక, అంటే అడ్డపు పోగులు. బొమ్మలన్నీ ఇందులోనే ఉంటాయి. ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల మీదుగా పోగును అటూ ఇటూ తిప్పుతూ చుట్టే పని అది. చేత్తో పోస్తే ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు తిరగాలి. నాలుగైదు గంటలు పడుతుంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఈ పనితో తల్లి భుజాలు పడే బాధ చూడలేకే 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం వచ్చాక ఆ బాధ తగ్గిందిగానీ ఆ తర్వాతి పని ఇప్పటికీ చేతులదే.

ఆ తర్వాతి పని చిటికి కట్టడం. గ్రాఫ్ కాగితం మీది డిజైన్ ప్రకారం పోగుల మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పీలికలతో గట్టిగా చుడతారు. ముందు తెల్లగా ఉండాల్సిన చోట్లు కట్టి పసుపులో ముంచుతారు. పసుపు నిలవాల్సిన చోట్లు కట్టి మెరూన్‌లో ముంచుతారు. లేత రంగు ముందు, ముదురు రంగు వెనక, ఆ వరుస తిరగబడదు. ఈమె ఫోన్ చేసేసరికి ఒంటి పేక మెరూన్‌లో మునిగి బయటికొచ్చింది. కట్లు ఇంకా విప్పలేదు. చూడ్డానికి అది ముదురు ఎరుపు పోగుల కట్ట, దాని మీద వందల కొద్దీ నల్లటి రబ్బరు ముడులు. ఆ ముడుల కింద ఏనుగులు ఉన్నాయి.

ఇప్పుడు పిస్తా ఎందుకు కుదరదో స్పష్టమే. ముదురు మీద లేత రంగు ఎక్కదు. ఎక్కిన రంగును రసాయనంతో దించొచ్చు కదా అని కొందరు అడుగుతారు. దించితే పూర్తిగా తెల్లబడదు, అన్ని చోట్లా ఒకేలా దిగదు, పట్టు మెరుపు పోయి పోగు బలహీనపడి నేతలో పుటుక్కున తెగుతుంది. సరే, కొత్త పేక కట్టిద్దామన్నా పడుగు మెరూనే. మెరూన్ పడుగులో పిస్తా పేక దూరితే వచ్చేది రెండు రంగులు కలిసి తిరిగే డబుల్ షేడ్, ఫోన్‌లో ఆమె చూపించిన పిస్తా కాదు. నిజమైన పిస్తా కావాలంటే పడుగు కూడా మారాలి. అంటే మిగతా నాలుగు చీరలవాళ్లను ఆపాలి. కొత్త పడుగుకు, కొత్త పేకకు, నేతకు కలిపి ఐదు వారాలు చాలవు.

కాబట్టి జవాబు కుదరదనే. దాన్ని ఎలా చెబుతారన్నదే అసలు విషయం. ఎక్కువమంది నేయించేవాళ్లు అక్కడే జారిపోతారు. ముఖం మీద కాదనడం మర్యాద కాదనుకుని ‘చూద్దాం లేమ్మా, ప్రయత్నిస్త’ అంటారు. అవతలివాళ్లకు అది ఒప్పుకున్నట్టే వినిపిస్తుంది. వాళ్లు పిస్తా రంగుకు సరిపోయే గాజులూ జాకెట్టూ కొనేస్తారు. పది రోజుల తర్వాత మెరూన్ చీర చూసి మోసం చేశారంటారు. ఆ కోపంలో న్యాయం ఉంది. నా దృష్టిలో, ఫోన్ వచ్చిన రోజే చెప్పిన ‘కాదు’ కంటే మర్యాద మరొకటి లేదు, ఎందుకంటే కొనేవారికి ఇంకా దారి వెతుక్కునే వ్యవధి ఉంటుంది.

ఆ మాట చెప్పేముందు మాస్టర్ వీవర్ చేయాల్సింది ఒకటే. రంగు వేసేవాళ్ల దగ్గరికి, మగ్గం దగ్గరికి వెళ్లి పని ఎంతవరకు వచ్చిందో కళ్లారా చూసి ఫోటో తీసుకోవాలి. జ్ఞాపకం మీద ఆధారపడి కాదంటే ఒక్కోసారి అవునని చెప్పగలిగినదాన్ని కూడా పోగొట్టుకుంటాం. ఈ చీరనే చూడండి. ఒంటి పేక మునిగిందిగానీ కొంగు పేక వేరు. దానికి ఆసు పోశారు, చిటికి సగం కట్టారు, రంగు మాత్రం పడలేదు. అలాగే ఒంటి పేక కట్లు విప్పలేదు కాబట్టి దాన్ని ఇంకా ముదురు రంగులోకి మార్చే వీలు మిగిలే ఉంది. కట్లు విప్పిన మర్నాడైతే అదీ ఉండేది కాదు, ఏనుగుల మీద కూడా రంగు పడిపోతుంది.

ఫోటోలు పంపి ఇలా మాట్లాడొచ్చు:

‘అమ్మా, మీ చీర పేక మొన్ననే మెరూన్ల ముంచినం, ఫోటో పెట్టిన చూడండి. ఇగ దాని మీద పిస్తా ఎక్కది. పడుగు గూడ మెరూనే, అది ఇంకో నలుగురి చీరలకు గూడ అదే. అందుకని ఒళ్లు పిస్తా జెయ్యలేనమ్మా. కానీ కొంగు పేకకు ఇంకా రంగు వెయ్యలే. ఏం జెయ్యొచ్చో, ఎంతయితదో చెప్త, రేపు సాయంత్రంలోపల మీరు ఆలోచించి చెప్పండి.’

ఇందులో ‘మీరు ముందే చెప్పాల్సింది’ అన్న మాట లేదు. అది నిజమే అయినా దానివల్ల చీర మారదు. రేపు సాయంత్రం అన్న గడువు మాత్రం తప్పకుండా ఉండాలి. కొంగు పేక రంగులో పడే రోజు దగ్గర్లోనే ఉంది, ఆమె ఆలోచించుకునేంతసేపు ఆ పని ఆగి ఉంటుంది.

ఇక దారులు. అనుకున్న చీరను అనుకున్న ధరకు, అనుకున్న రోజుకు తీసుకోవడం మొదటిది. రెండోది, కొంగులో పసుపు ఉండాల్సిన చోట పిస్తా తేవడం. కొంగు కట్టు కొంత విప్పి మళ్లీ కట్టాలి, ఒక రంగు అదనంగా కలపాలి, కాబట్టి కూలీ, రంగూ కలిపి పన్నెండు వందలు ఎక్కువ, నాలుగు రోజులు ఆలస్యం. పడుగు మెరూన్ కావడం వల్ల ఆ పిస్తా కాస్త మసకగా కనిపిస్తుంది, ఆ మాట దాచకూడదు. కుదిరితే అలాంటి పడుగు మీద నేసిన పాత ముక్క ఒకటి ఫోటో తీసి చూపించాలి, అదీ పగటి వెలుతురులో. మూడోది, మగపెళ్లివారి మెరూన్‌తో కలవకపోతే చాలనుకుంటే ఒంటి పేకను ఇంకోసారి కాఫీ రంగులో ముంచడం. ఎనిమిది వందలు, రెండు రోజులు. పిస్తాయే తప్పదంటే నాలుగో దారి: సొసైటీలోనో ఊళ్లోని షాపుల్లోనో తయారుగా ఉన్న పిస్తా చీరల్లోంచి ఎంచుకోవడం, ఈ ఆర్డర్ వదులుకోవడం.

వదులుకుంటే డబ్బు సంగతేమిటన్న దగ్గర నిజాయితీ తేలుతుంది. ఒంటి పేక మీద అప్పటికే పట్టుకు రెండు వేలు, ఆసుకూ చిటికికీ కూలి రెండున్నర వేలు, రంగులకు ఐదు వందలు ఖర్చయ్యాయి. మొత్తం ఐదు వేలు. కాబట్టి అడ్వాన్సులో ఐదు వేలు పోయినట్టేనని చెప్పడం సులువు. కానీ ఆ పేక పారేసేది కాదు. పడుగు ఇంకా మగ్గం మీదే ఉంది, చీర నేసి మార్కెట్లో అమ్ముకోవచ్చు. షాపువాళ్లు దానికి పదిహేనున్నర వేలు ఇస్తారనుకుంటే నిజంగా వచ్చే నష్టం రెండున్నర వేలు. అంతే పట్టుకుని మూడున్నర వేలు తిరిగివ్వాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ వెనకున్న ఆలోచనా ఇదే: నష్టం లెక్కగట్టేటప్పుడు దాన్ని తగ్గించుకునే మార్గాలు ఏమున్నాయో కూడా చూడాలి. చీర మీద పెళ్లికూతురి పేరు నేయమన్నారనుకోండి, అప్పుడు లెక్క మారుతుంది. దాన్ని ఇంకెవరూ కొనరు, ఖర్చంతా ఆర్డర్ ఇచ్చినవారిదే అవుతుంది.

అదే చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఒప్పందం మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒకరు అడిగినంత మాత్రాన మారదు. అంటే నేయించేవారికి కాదనే హక్కు ఉంది. ఆ హక్కు గురించి ఫోన్‌లో ఎత్తే అవసరమే రాకుండా చేయాలంటే అడ్వాన్సు తీసుకున్న రోజునే రెండు తేదీలు రాసివ్వాలి. పడుగు రంగు ఎప్పుడు వేస్తారు, పేక మొదటి రంగులో ఎప్పుడు ముంచుతారు. మొదటి తేదీ దాటితే ఒంటి రంగు, అంచు రంగు మారవు, రెండోది దాటితే బొమ్మలు మారవు అని తెలుగులో రెండు వాక్యాలు. రంగు వేయడానికి ముందురోజు ‘రేపు ముంచుతున్నం అమ్మా, ఇదే రంగు కదా’ అని ఒక్క మెసేజ్ పెడితే మార్చుకోవాలనుకునేవాళ్లు అప్పుడే చెబుతారు.

విజయవాడ తల్లి లాంటివాళ్లు ఎక్కువగా రెండో దారే ఎంచుకుంటారు. ఒప్పుకున్నాక ఆ మాట రాతలో పెట్టుకోవడం మరవకూడదు: ‘ఒళ్లు మెరూన్, అంచు ఆకుపచ్చ, కొంగులో పసుపు బదులు పిస్తా. మొత్తం రూ.19,200, ముట్టింది రూ.6,000, ఇవ్వాల్సింది రూ.13,200. ముందు చెప్పిన తేదీకి నాలుగు రోజుల తర్వాత చీర అందుతుంది. ఇకపై మార్పులు కుదరవు.’ అటునుంచి సరే అని వచ్చాకే కొంగు పేక రంగులోకి వెళ్లాలి.