'ముందు ఫ్రీగా ఒకటి చేసి చూపించు' అంటే.. డిజైనర్ ఏం చెప్పాలి?

విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం వస్తోందంటే షాపుల ఆఫర్ పోస్టర్లకు గిరాకీ. 'ఒకటి ఫ్రీగా చేయి, నచ్చితే ఆర్డర్ ఇస్తాం' అని ఓ బట్టల షాపు ఓనర్ అడిగారనుకుందాం. 'చేయను' అంటే బేరం పోతుంది. ఫైల్ ఇచ్చేస్తే వేరేచోట ప్రింట్ వేయించుకోవచ్చు.

వాట్సాప్‌లో ఇలా చెప్పొచ్చు: 'సార్, పాత పోస్టర్లు మూడు పంపుతున్నా. మీ షాపు పేరుతో కొత్తది కావాలంటే రూ.500 అవుతుంది. ఆర్డర్ ఇస్తే అది బిల్లులో తగ్గిస్తా.' నిజంగా పని ఇచ్చేవారికి ఇందులో నష్టం లేదు. దీనికీ ఒప్పుకోక 'ఫైల్ పంపు చాలు' అంటే అనుమానించాల్సిందే.

చూపించక తప్పకపోతే వాటర్‌మార్క్ వేసిన చిన్న సైజు ఇమేజ్ చాలు. ఒరిజినల్ ఫైల్ డబ్బులు అందాకే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఫ్రీలాన్సర్ రాతపూర్వకంగా సంతకం చేసి ఇవ్వనిదే ఆ శాంపిల్ హక్కులు బదిలీ కావు.