కంట్లో ఊక పడితే

వరి కోతల కాలంలో కొనుగోలు కేంద్రం దగ్గర కాసేపు నిలబడితే ఒక దృశ్యం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. తాలు పోవడానికి పెద్ద ఫ్యాను పెట్టి వడ్లు ఎగరబోస్తుంటారు. గాలి ఉన్నట్టుండి దిక్కు మారుతుంది. ఎదురుగా ఉన్న మనిషి చేతిలో చేట వదిలేసి, దుమ్ము కొట్టుకున్న అరచేత్తోనే కన్ను నులుముకుంటాడు. ఎవరూ చెప్పకుండానే చెయ్యి కంటి మీదికి పోతుంది. పక్కనున్న కోడలు "మామా, నులమకు, నీళ్ళు తెస్తా" అనేలోపే నాలుగైదు సార్లు నులమడం అయిపోతుంది.

ఆ నాలుగైదు సార్లలో లోపల ఏం జరుగుతుందో చూద్దాం. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా కనిపించే పారదర్శకమైన పొర ఉంటుంది. దాన్నే కార్నియా అంటారు. నడిమధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో పై చర్మం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే. ఒంట్లో ఇంకెక్కడా లేనంత దట్టంగా నొప్పి నరాలు ఈ పొరలో ఉంటాయి కాబట్టే ఆవగింజలో పదోవంతు నలుసు పడినా ప్రాణం విలవిలలాడుతుంది. ఇక ఊక సంగతి. వరి పొట్టులో సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. దాని అంచులు గరుకుగా, కొసలు సూదిగా ఉంటాయి. కంట్లో పడిన ఊక ముక్క మామూలుగా కన్నీటి మీద తేలుతూ ఉంటుంది, లేదంటే పైరెప్ప లోపలి వైపు అంటుకుంటుంది. అక్కడితో ఆగితే గాయం ఉండదు, ఉన్నా చిన్నది. రెప్ప మీద వేలు పెట్టి నులిమితే ఆ ముక్క రెప్పకూ కార్నియాకూ మధ్య ఇరుక్కుని అటూ ఇటూ గీసుకుపోతుంది. కళ్ళాసుపత్రికి గీతలతో వచ్చేవాళ్ళలో చాలామంది గీతను ఊక గీసింది కాదు, దాన్ని పట్టుకుని వేలు గీయించింది.

కాబట్టి మొదటి పని చేతులు కిందికి దించడం. రెండు కళ్ళూ మెల్లగా మూసి, తెరిచి, నీళ్ళు కారనివ్వాలి. ఒక కన్ను కదిలితే రెండోదీ కదులుతుంది కాబట్టి బాగున్న కంటితో చుట్టూ చూడడం కూడా తగ్గించాలి. చాలా నలుసులు ఈ కన్నీటితోనే ముక్కు వైపు మూలకు చేరతాయి. అక్కడికొచ్చాక శుభ్రమైన తడిగుడ్డ కొసతో అద్ది తీసేయొచ్చు.

అలా రాకపోతే కడగాలి. కడగడం అంటే మొహం మీద నీళ్ళు చల్లుకోవడం కాదు, పంపు కింద కన్ను పెట్టడం అంతకన్నా కాదు. చల్లినప్పుడు కన్ను దానంతటదే మూసుకుంటుంది, నీళ్ళు లోపలికే వెళ్ళవు. పంపు ధార వేగానికి నలుసు ఇంకా గట్టిగా ఒత్తుకోవచ్చు. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తాగే నీళ్ళు, కాచి చల్లార్చినవైతే మరీ మంచిది, ఒక గ్లాసులో తీసుకోవాలి. మనిషిని కూర్చోబెట్టి, నలుసు పడిన కన్ను కిందికి వచ్చేలా తలను ఆ పక్కకు వంచాలి. ఒకరు రెండు వేళ్ళతో రెప్పలను ఎముక మీద ఆనించి విప్పి పట్టుకుంటారు. కనుగుడ్డు మీద మాత్రం ఒత్తకూడదు. ముక్కు వైపు మూల నుంచి చెవి వైపుకు, రెండు మూడు అంగుళాల ఎత్తు నుంచి సన్నగా ధార పోయాలి. ఇలా పోస్తే మురికి నీళ్ళు బాగున్న కంట్లోకి పోవు. నీళ్ళు పడుతుండగా పైకి, కిందికి, పక్కలకు చూడమని చెప్పాలి. కాసేపు పోసి ఆపి, మళ్ళీ పోయాలి. సాయానికి ఎవరూ లేకపోతే వెడల్పాటి గిన్నె నిండా మంచినీళ్ళు పోసి, మొహం ముంచి, నీళ్ళలోనే రెప్పలు ఆడించాలి.

పొలం పక్క కాలువ నీళ్ళు, బోరు తొట్టిలో నిలిచిన నీళ్ళు వాడకపోవడం మంచిది. గీత పడిన కంటికి ఆ నీళ్ళలోని క్రిములు కొత్త తలనొప్పి తెస్తాయి. వేరే దారి లేనప్పుడు ఆ నిబంధన పక్కన పెట్టాల్సిన సందర్భం ఒకటుంది. సున్నం, యాసిడ్, పురుగుమందు లాంటివి పడితే దగ్గర్లో ఏ నీళ్ళుంటే అవే తీసుకుని, క్షణం ఆలస్యం లేకుండా కనీసం పావుగంట నుంచి అరగంట ఆపకుండా పోసి, అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి.

కడిగాక కూడా గుచ్చుతుంటే వెలుతురులో నిలబెట్టి చూడాలి. కింది రెప్ప కిందికి లాగి, పైకి చూడమంటే కింది భాగమంతా కనిపిస్తుంది. పైరెప్ప లోపలున్న నలుసు బయటికి కనిపించదు. అలాంటప్పుడు పైరెప్పను వెంట్రుకలతో పట్టుకుని కిందికి లాగి, కింది రెప్ప మీదికి తెచ్చి వదలాలి. కింది వెంట్రుకలు పైరెప్ప లోపలి భాగాన్ని తుడిచినట్టవుతుంది. తెల్లగుడ్డు మీదో రెప్ప మీదో తేలుతూ కనిపించే ముక్కను తడిగుడ్డ కొసతో అద్దవచ్చు. నల్లగుడ్డు మీద ఏది కనిపించినా ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. ఊక విషయంలో ఇంకో చిక్కుంది. వడ్లపొట్టు దొప్పలా వంగి ఉంటుంది కదా, ఆ బోలు వైపు కంటికి ఆనితే నల్లగుడ్డు అంచున గట్టిగా అంటుకుపోతుంది. ఎన్ని నీళ్ళు పోసినా కదలదు. రోజుల తరబడి అలాగే ఉండి, ఎర్రటి కాయలా కనిపించి, ఏదో పెరిగిందనుకునే స్థితికి కూడా వస్తుంది. డాక్టరు మాత్రం క్షణంలో తీసేస్తారు.

ఇక్కడ అందరినీ తప్పుదారి పట్టించే సంగతి ఒకటుంది. నలుసు పోయినా అది ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది. గీత పడిన చోట నరాల కొసలు బయటపడి ఉంటాయి, రెప్ప ఆడిన ప్రతిసారీ వాటికి రాసుకుంటుంది, దాన్ని మెదడు "ఇసుక ఉంది" అనే అర్థం చేసుకుంటుంది. అందుకే నలుసు పోయిన కంటిని కూడా గంటల తరబడి కడుగుతూ, గుడ్డ కొసలతో వెతుకుతూ, గీతను ఇంకా పెద్దది చేసుకునేవాళ్ళుంటారు. నలుసు తీయడంలో చేయి తిరిగినవాళ్ళని పిలిచి నాలుకతో తీయించుకునేవాళ్ళూ ఉన్నారు. నోటిలోని క్రిములు పచ్చి గాయం మీద పడడం కన్నా ప్రమాదం ఇంకోటి ఉండదు. చనుబాలు, ఆముదం, ఆకు పసర్లు పోసినా అంతే.

మరి గీత పడిందని ఇంట్లో తెలిసేదెలా? బాగా కడిగి ఓ గంట కళ్ళు మూసుకుని విశ్రాంతి తీసుకున్నాక చూడాలి. నలుసు మాత్రమే అయితే ఆ పాటికి ఎరుపు కొంచెం మిగిలినా హాయిగా ఉంటుంది. గీత ఉంటే గుచ్చడం తగ్గదు, నీళ్ళు ధారగా కారుతూనే ఉంటాయి. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు వెలుతురు. వాకిట్లోకి రాగానే కన్ను తెరవలేకపోతే, బల్బు వైపు చూడలేకపోతే కార్నియా దెబ్బతిన్నట్టే భావించాలి. రెండో కన్ను మూసి, ఈ కంటితో క్యాలెండర్‌లో తేదీలు చదివించండి. రెప్పలాడించాక కూడా మసకగా ఉంటే గీత నడిమధ్యలో ఉందేమోనని అనుమానించాలి. వీటిలో ఏ ఒక్కటున్నా అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.

డాక్టరు దగ్గర పరీక్షకు పట్టేది నాలుగైదు నిమిషాలు. ఫ్లోరసీన్ అనే నారింజ రంగు మందున్న చిన్న కాగితం పట్టీని తడిపి రెప్పకు తాకిస్తారు. నీలి వెలుతురులో చూస్తే చర్మం లేచిన చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. నిలువుగా సన్నని గీతలు వరసగా కనిపిస్తే పైరెప్ప కింద ఇంకా ఏదో ఉందని డాక్టరుకు అర్థమై, రెప్పను తిరగేసి తీస్తారు. పరీక్ష కోసం వేసే మత్తుచుక్కతో నొప్పి మంత్రం వేసినట్టు మాయమవుతుంది. "ఆ మందే రాసివ్వండి సారూ" అని అడగని రోగి ఉండడు. ఆ చుక్కలు ఇంటికి ఇవ్వరు, ఇవ్వకూడదు. పదేపదే వేస్తే గాయం మానదు, కార్నియా కరుగుతుంది.

కార్నియా పై చర్మం తనను తాను బాగు చేసుకోవడంలో దిట్ట. చిన్న గీత ఒకటి నుంచి మూడు రోజుల్లో మచ్చ లేకుండా మానిపోతుంది. భయం గీతతో కాదు, అది తెరిచిన తలుపుతో. ఊక, ఆకు, చొప్ప మీద బూజు జాతి ఫంగస్ ఉంటుంది. దక్షిణ భారతంలో కంటి పుండ్లలో ఫంగస్ వాటా పెద్దది. అది మొదట కనిపించదు. కొనుగోలు కేంద్రం దగ్గర కన్ను నులుముకున్న ఆ రైతునే తీసుకుందాం. సోమవారం సాయంత్రం ఊక పడింది. మంగళవారం గుచ్చింది, బుధవారం కొంత తగ్గింది, పని ఉందని ఊరుకున్నాడు. మామూలు గీతైతే రోజురోజుకూ తగ్గుతూ పోవాలి. అతనికి శనివారం నుంచి మళ్ళీ ఎరుపు, సలుపు మొదలయ్యాయి. మందుల షాపులో చుక్కలు కొన్నాడు. వేయగానే ఎరుపు తగ్గింది. ఆ సీసా మీద డెక్సామెథసోన్ అనో, బీటామెథసోన్ అనో, ప్రెడ్నిసొలోన్ అనో ఉంటే అది స్టెరాయిడ్. ఎరుపు తగ్గించి, ఫంగస్‌ను లోపల హాయిగా పెరగనిస్తుంది. మరో వారానికి నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క. అప్పటికి అది పుండు. నాటమైసిన్ చుక్కలు గంటగంటకూ, వారాల పాటు వేయాలి. మానినా ఆ చోట పువ్వు మిగిలిపోవచ్చు. మొదటి రెండు రోజుల్లో వచ్చి ఉంటే ఇదంతా లేకపోయేది.

ఈ మాట ఉత్తి భయపెట్టడం కాదని నేపాల్‌లోని భక్తపూర్ జిల్లాలో తేలింది. అక్కడ ఊరి ఆరోగ్య కార్యకర్తలకు గీతను గుర్తించడం నేర్పి, ఒక శాతం క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు చొప్పున మూడు రోజులు వేయించారు. గాయమైన 18 గంటల లోపు మందు మొదలుపెట్టిన వాళ్ళలో ఒక్కరికీ పుండు పడలేదని 2001లో వెలువడిన ఆ అధ్యయనం చెబుతోంది. పుండు పడినవాళ్ళంతా ఆలస్యంగా వచ్చినవాళ్ళే. మన దగ్గర పెద్దాసుపత్రి దూరమైన పల్లెల్లోనూ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి విజన్ సెంటర్ల లాంటివి ఉన్నాయి. అలాంటి చోట చూపించుకోవడం ఒక్క పూట పని. వెళ్ళినప్పుడు "ఊక పడింది" అని, ఏ రోజు పడిందో, ఏయే మందులు వేశారో తప్పకుండా చెప్పాలి. కంటికి దూది పెట్టి గట్టిగా కట్టుకుని వెళ్ళకూడదు. ఆకు, ఊక గాయాలకు కట్టు కడితే ఆ వెచ్చదనంలో క్రిములు పెరుగుతాయి. ఎండ పడకుండా నల్లద్దాలు చాలు.

ఇనుము మీద సుత్తితో కొడుతున్నప్పుడు, గ్రైండర్ పడుతున్నప్పుడు కంట్లో ఏదైనా తగిలితే మాత్రం లెక్క వేరు. ఆ రవ్వ కనుగుడ్డులోకి దూసుకుపోయి ఉండొచ్చు, నొప్పి తక్కువగా కూడా ఉండొచ్చు. కంటిపాప గుండ్రంగా కాక ఒక పక్కకు లాగినట్టు కనిపించినా, చూపు ఒక్కసారిగా తగ్గినా కడగొద్దు, ఒత్తొద్దు. కంటికి తగలకుండా కాగితం కప్పు లాంటిది అడ్డు పెట్టి తీసుకెళ్ళాలి.

గీత పూర్తిగా మానిన కొన్ని వారాలకో నెలలకో, తెల్లవారుజామున కన్ను తెరవగానే అదే నొప్పి కత్తితో కోసినట్టు తిరిగి రావచ్చు. కొత్తగా వచ్చిన చర్మం కింది పొరకు గట్టిగా అతుక్కోక, నిద్రలో ఎండిన రెప్పకు అంటుకుని, తెరిచేసరికి లేచిపోతుంది. ముఖ్యంగా పసిపిల్లల గోరు, ఆకు అంచు, కాగితం అంచు కోసిన గీతలకు ఇలా అవుతుంది. మళ్ళీ ఏదో పడిందనుకుని నులమకుండా డాక్టరుకు పాత గీత సంగతి చెబితే, రాత్రి పడుకునే ముందు వేసుకునే జిడ్డు ఆయింట్‌మెంట్ కొన్ని నెలల పాటు వాడమంటారు.