హలో... నేన్రా, మూడో బెంచీ!

ఫోన్‌లో నంబరు ఉంటుంది. పక్కనే ఫొటో ఉంటుంది. ఒక్క మాట టైపు చేస్తే చాలు. అయినా వేలు కదలదు. చిన్ననాటి స్నేహితుడికి 'హలో' చెప్పడం ఎందుకంత కష్టం? ఈ ప్రశ్న చుట్టూ అల్లిన చిన్న కథ ఇది. కథే కాబట్టి ఇద్దరికీ పేర్లు పెట్టడం లేదు. ఒకరిని మోరిస్‌విల్ మిత్రుడు, ఇంకొకరిని కువైట్ మిత్రుడు అందాం. ఆ స్థానాల్లో మీ పేరు, మీ స్నేహితుడి పేరు వేసుకుని చదువుకున్నా ఇబ్బంది లేదు.

ఇద్దరిదీ రాయచోటి దగ్గర ఒకే ఊరు. ఒకే హైస్కూలు, మూడో బెంచీ. 1994లో పదో తరగతి పరీక్షలు రాశారు. ఒకతను ఇంటర్ చదవడానికి తిరుపతి వెళ్లాడు. ఇంకొకతని ఇంట్లో చదువు చెప్పించే స్తోమత లేదు. లారీ క్లీనరుగా చేరాడు, డ్రైవింగ్ నేర్చుకున్నాడు, 2000లో ఖాదిం వీసా మీద కువైట్ వెళ్లి ఒక ఇంటికి డ్రైవరయ్యాడు. కడప సీమ నుంచి కువైట్ దారి పట్టిన వేలమందిలో అతనొకడు.

తిరుపతి వెళ్లినతను ఇంజినీరింగు చేశాడు. హైదరాబాద్‌లో కొన్నాళ్లు పనిచేసి 2005లో అమెరికా చేరాడు. ఇప్పుడు ఉంటున్నది నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో. రాలీకి, డర్హమ్‌కి మధ్య, విమానాశ్రయం పక్కన ఉన్న చిన్న టౌను అది. 1959లో మొదలైన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ ఆనుకునే ఉండటంతో సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు. 2020 జనాభా లెక్కల ప్రకారం టౌను మొత్తం ముప్పై వేల లోపే. అందులో పదిమందికి నలుగురికి పైగా ఆసియా మూలాల వాళ్లే. గుడి ఉంది, క్రికెట్ మైదానం ఉంది. 2023లో ఆ మైదానంలో మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచ్‌లు కూడా జరిగాయి. చుట్టూ తెలుగు మాటలు వినిపిస్తూనే ఉంటాయి. కానీ మూడో బెంచీ గురించి మాట్లాడుకోవడానికి మాత్రం ఒక్కరూ లేరు.

నంబరు దొరికింది, మాట దొరకలేదు

2024 సంక్రాంతికి ఊళ్లో పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్నారు. ముప్పై ఏళ్లయిందని వాట్సాప్ గ్రూపు తయారైంది. మన ఇద్దరూ వెళ్లలేకపోయారు గానీ ఇద్దరి నంబర్లూ గ్రూపులో చేరాయి. జనవరిలోనే మోరిస్‌విల్ మిత్రుడు ఆ కువైట్ నంబరు చూశాడు. సేవ్ చేసుకున్నాడు. ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. పెద్ద మెసేజ్ టైపు చేయడం, మొత్తం చెరిపేయడం... అంతే!

ఎందుకంటే ఒక పాత బాకీ ఉంది. డబ్బుల బాకీ కాదు. తిరుపతిలో ఇంటర్ మొదటి ఏడాది ఈ స్నేహితుడి దగ్గర్నుంచి రెండు ఇన్‌ల్యాండ్ లెటర్లు వచ్చాయి. మొదటిదానికి జవాబు రాశాడు. రెండోదానికి రాయలేదు. పరీక్షలయ్యాక రాద్దామనుకున్నాడు. ఆ 'అయ్యాక' ముప్పై ఏళ్లయింది. ఇప్పుడు అమెరికా నుంచి మెసేజ్ పెడితే 'ఇన్నాళ్లకు గుర్తొచ్చానా' అంటాడేమో, గొప్పలు చెప్పుకోవడానికి పలకరించాననుకుంటాడేమో!

ఈ సంకోచం ఇతనొక్కడిది కాదు. కెనడాలో సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయానికి చెందిన లారా ఆక్నిన్, బ్రిటన్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జిలియన్ శాండ్‌స్ట్రామ్ కలిసి ఈ విషయం మీదే అధ్యయనాలు చేసి 2024లో ప్రచురించారు. మళ్లీ కలవాలని తామే కోరుకుంటున్న పాత మిత్రుడిని తలుచుకోమన్నారు. అతని నంబరో, చిరునామానో చేతిలో ఉన్నవాళ్లనే తీసుకున్నారు. మెసేజ్ రాయడానికి టైమూ ఇచ్చారు. అయినా పంపింది దాదాపు మూడోవంతు మందే! కొత్తవాళ్లతో మాట కలపడానికి మనం ఎంత వెనకాడతామో, మాటలు ఆగిపోయిన పాత స్నేహితుడి దగ్గరా అంతే వెనకాడతామని తేలింది. అతను మనసులో దగ్గరే, కానీ అలవాటులో పరాయివాడైపోయాడన్నమాట.

ఈ అధ్యయనంలో మరో సంగతి ఉంది. ధైర్యం చెబితే, 'అవతలివాళ్లు సంతోషిస్తారు' అని వివరిస్తే పెద్దగా ఫలితం రాలేదు. రోజూ మాట్లాడే స్నేహితులకే ముందుగా మూడు నిమిషాలు మెసేజ్‌లు పంపించి, ఆ ఊపులో పాత మిత్రుడికి పంపమంటే మాత్రం సగానికి పైగా పంపారు. చెయ్యి తిరిగితే చాలు, మనసు దాని వెనకే వస్తుందన్నమాట.

శనివారం రాత్రి పది గంటలకు

మన మిత్రుడికి ఈ అధ్యయనాలేవీ తెలియవు. ఏప్రిల్ చివర్లో ఒక శనివారం రాత్రి, క్రికెట్ జట్టు గ్రూపులో రేపటి మ్యాచ్ గురించి వరసగా మెసేజ్‌లు పెడుతున్నాడు. అదే ఊపులో కువైట్ నంబరు తెరిచి 'హలో' అని కొట్టి పంపేశాడు. పేరు రాయలేదు, ఊరు రాయలేదు.

మోరిస్‌విల్‌లో రాత్రి పది అంటే, ఆ నెలల్లో కువైట్‌లో తెల్లవారి అయిదు. అక్కడ ఆదివారం పనిదినం. యజమాని పిల్లల్ని స్కూలుకు దింపడానికి కువైట్ మిత్రుడు బండి తుడుస్తున్నాడు. ఫోన్ మోగింది. +1తో మొదలయ్యే తెలియని నంబరు. ఫొటోలో మనిషి లేడు, ఏదో కొండ ఉంది. మాట ఒక్కటే... హలో.

ఇక్కడ మోరిస్‌విల్‌లో మెసేజ్ కింద రెండు నీలం టిక్కులు పడ్డాయి. చదివాడు. కానీ జవాబు లేదు. ఒక రోజు, రెండు రోజులు. 'నేననుకున్నదే అయింది' అని ఇతను కుంగిపోయాడు.

అక్కడ జరిగింది వేరు. తెలియని విదేశీ నంబరు నుంచి ఉత్త 'హలో' రావడం మోసగాళ్ల పద్ధతి కూడా. ముందు పలకరింపు, తర్వాత స్నేహం, ఆ తర్వాత పెట్టుబడి అనో, అర్జెంటు అనో డబ్బు. గల్ఫ్‌లో కష్టపడి దాచుకున్నది అలా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. కువైట్ మిత్రుడు జాగ్రత్తపరుడు. నంబరును బ్లాక్ చేయలేదు, జవాబూ ఇవ్వలేదు. మూడో రోజు ఎందుకో అదే నంబరును బ్యాచ్ గ్రూపులో వెతికాడు. ఉంది! అయినా తొందరపడలేదు. గ్రూపులో ఉన్న నంబర్ల ఖాతాలను కూడా దొంగలు చేజిక్కించుకుంటారని విన్నాడు. అందుకే ఒక ప్రశ్న వేశాడు.

'మన లెక్కల సారు సైకిలుకు బెల్లు ఉండేదా?'

నిమిషంలో జవాబొచ్చింది. 'బెల్లు యాడిది రా! సారు దగ్గే మనకు బెల్లు. సందు మొదట్లో దగ్గితే నోటుబుక్కులు తీసేవాళ్లం కదా.'

ఆ వెంటనే కువైట్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ముందు నవ్వు, తర్వాత మాట. 'ఒరేయ్, నువ్వేనా! ఎట్లుండావ్ రా?'

ఆ ప్రశ్నలోని తెలివి గమనించారా? బడి పేరు, ఊరి పేరు, పాసైన ఏడాది ఏ ప్రొఫైల్‌లోనైనా దొరుకుతాయి. సైకిలు బెల్లు సంగతి ఎక్కడా దొరకదు. ఆ తరగతి గదిలో కూర్చున్నవాడికే తెలుస్తుంది. జవాబు దాటవేసినా, 'అవన్నీ ఎవరికి గుర్తు' అంటూ మాట మార్చినా, మాట్లాడదామంటే తప్పించుకున్నా, డబ్బు ఊసెత్తినా... అక్కడితో ఆగిపోవాలి. పాత ఇండియా నంబరు దొరికినప్పుడు ఇంకో చిక్కుంది. వాడకం ఆగి రద్దయిన నంబరును మన దేశంలో 90 రోజులు దాటాక వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. కాబట్టి జవాబిచ్చింది మీవాడే అన్న నమ్మకం లేదు.

ఇద్దరి భయం ఒక్కటే

శుక్రవారం కువైట్‌లో సెలవు. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు, మోరిస్‌విల్‌లో మధ్యాహ్నం రెండున్నరకు, ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకున్నారు. మోరిస్‌విల్ మిత్రుడు ముందుగా ఆ రెండో ఉత్తరం సంగతి ఎత్తాడు. 'జవాబు రాయలేదు రా, అది మనసులో ఉండిపోయింది' అన్నాడు.

'ఏం ఉత్తరం రా?' అన్నాడు అవతలివాడు. అతనికి గుర్తే లేదు!

తర్వాత అతనే నెమ్మదిగా చెప్పాడు. 'నీ నంబరు నేనూ జనవరిలోనే చూసినా. శానాసార్లు తెరిచినా. నేను పలకరిస్తే డబ్బుల కోసం అనుకుంటావేమోనని ఊరుకున్నా.'

ఒకడు గొప్పలకనుకుంటాడని ఆగాడు, ఇంకొకడు అప్పుకనుకుంటాడని ఆగాడు. ఒకే గ్రూపులో ఉండి నాలుగు నెలలు ఇద్దరూ ఒకరి ఫొటో ఒకరు చూసుకున్నారు. అయితే ఈ రెండు భయాలూ సమానం కావు. ఉద్యోగం, ఇల్లు కాస్త బాగున్నవాడు ముందు పలకరిస్తే పోయేది ఏమీ లేదు. కష్టంలో ఉన్నవాడు ముందు పలకరించాలంటే ఆత్మాభిమానం అడ్డొస్తుంది. అందుకే మొదటి 'హలో' మోరిస్‌విల్ వైపు నుంచి రావాల్సిందే.

అనుకోని పలకరింపు ఎంత విలువైనదో పంపినవాళ్లకు తెలియదని ఇంకో పరిశోధన చెబుతుంది. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన పెగ్గీ లియు బృందం 2022లో దీన్ని ప్రచురించింది. పలకరింపు అందుకున్నవాళ్లు, పంపినవాళ్లు ఊహించినదానికన్నా ఎక్కువగా సంతోషించారు. కారణం ఆశ్చర్యం. ఎంత అనుకోకుండా వస్తే అంత సంతోషం. అంటే ఆలస్యమైందని ఆగిపోనక్కర్లేదు.

కథ ఇక్కడితో సుఖాంతం అనుకోకండి. రెండో ఫోన్‌కి బడి కబుర్లు సగం అయిపోయాయి. మూడోసారికి మధ్యమధ్యలో మౌనం. ఒకరి బతుకు ఇంకొకరికి తెలియదు మరి! అప్పుడు కువైట్ మిత్రుడు పాత సంగతులు వదిలి కూతురి మాట ఎత్తాడు. ఆ అమ్మాయి డిగ్రీ చివరి ఏడాది, ఇంటర్వ్యూలంటే భయం. 'ఒకసారి మాట్లాడతావా?' అన్నాడు. మోరిస్‌విల్ మిత్రుడు తన వంతుగా ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మ సంగతి చెప్పాడు. సెలవుకు ఊరెళ్లినప్పుడు కువైట్ మిత్రుడు ఆమెను చూసి, ఒక ఫొటో పంపాడు. అమ్మ పక్కన తనూ అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజు నుంచి మాటలకు కరువు రాలేదు. పాత జ్ఞాపకాలతో తలుపు తెరుచుకుంది. లోపల కూర్చోబెట్టింది మాత్రం ఇవాళ్టి పనులే.

మీ ఫోన్‌లోనూ అలాంటి నంబరు ఒకటి ఉండే ఉంటుంది. ముందు రోజూ మాట్లాడేవాళ్లకు రెండు మెసేజ్‌లు పెట్టండి. తర్వాత అది తెరవండి. మన కథలో మూడు రోజులు వృథా అయ్యింది పేరు రాయకపోవడం వల్లే. అందుకని ఒక్క 'హలో'తో ఆపకండి. పేరు, ఊరు, ఇద్దరికే తెలిసిన గుర్తు ఒకటి కలపండి. 'హలో... నేన్రా, మూడో బెంచీ' అంటే అవతలివాడికి ఇంకే ప్రశ్నా అక్కర్లేదు. జవాబు వెంటనే రాకపోతే అలగకండి. అక్కడ ఇంకా తెల్లవారలేదేమో, వాడు డ్యూటీలో ఉన్నాడేమో!