రెండు తాళంచెవుల ఇల్లు

మన పత్రికలో నేను రాయడం ఇది రెండోసారి. నాలుగో తరగతి చదువు నాది, తప్పులుంటే దిద్దుకోండి. ముప్పయి నాలుగేళ్లు షోలాపూర్ కార్ఖానాల్లో కండెలు పట్టినదాన్ని. ఇప్పుడు కళ్లకు దారం ఆనదు, ఇంట్లోనే ఉంటున్నాను.

ఇది మా చెల్లెలి కొడుకు, వాని భార్య కథ. ఇద్దర్నీ అడిగాకనే రాస్తున్నా, పేర్లు మాత్రం రాయను. వాళ్లెందుకు విడిపోయారన్నది కూడా రాయను. అందులో ఇద్దరి మాటా సగం నిజం. నేను చెప్పేది ఇంటి సంగతి.

2014లో ఇద్దరూ కలిసి రెండు గదుల ఇల్లు కొన్నారు, పదకొండు లక్షలకు. బ్యాంకు ఎనిమిది లక్షలిచ్చింది, ఇరవై ఏళ్లకు. మిగతా మూడు లక్షల్లో కోడలు బంగారం అమ్మి తెచ్చింది లక్షా ఇరవై వేలు. పిల్లగాడు దాచుకున్నదీ, సాంచల సేటు దగ్గర అడ్వాన్సు తీసుకున్నదీ కలిపి లక్ష. తక్కిన ఎనభై వేలు నావి, నేను భిశీ ఎత్తిన డబ్బు. కాగితం రాయించుకోలేదు. సొంత చెల్లెలి కొడుకు దగ్గర కాగితమేమిటని అప్పుడు నవ్వాను కూడా.

పదేళ్లకు వాళ్లు కోర్టుకెక్కారు. విడాకులకు ఇద్దరూ ఒప్పుకున్నారు గానీ ఇంటి దగ్గర ఆగింది. ‘ఇల్లు నాది, పత్రంలో ముందు నా పేరే ఉంది’ అంటాడు వాడు. ‘నా బంగారం పోయింది, పిల్లను తీసుకుని నేనెక్కడికి పోను’ అంటుంది ఆమె. జడ్జి వాళ్లను కోర్టు ఆవరణలోనే ఉన్న మధ్యస్థీ కేంద్రానికి పంపాడు.

నేనూ వెంట పోయాను. అది పంచాయితీ లాంటిదని అనుకున్నాను. మన పెద్దమనుషుల పంచాయితీలో పెద్దాయన తీర్పు చెప్తాడు, తలవంచుకుని ఒప్పుకోవాలి. ఇక్కడ అట్ల కాదు. నల్లకోటు మేడం ఒకామె కూర్చుంది, ఆమె పేరే మధ్యస్థ. మొదటి రోజే మరాఠీలో చెప్పేసింది, ‘నేను తీర్పు ఇవ్వను. మీరిద్దరూ ఒప్పుకుంటేనే కాగితం. ఒప్పుకోకపోతే కేసు మళ్లీ జడ్జి దగ్గరికే పోతుంది. ఇక్కడ మాట్లాడింది అక్కడ ఎవరూ ఎత్తకూడదు’ అని. ఫీజు లేదు. ముందు ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టింది, తర్వాత ఒక్కొక్కర్నీ వేరే పిలిచింది. వేరేగా ఏం మాట్లాడారో నాకు తెలియదు, నేను బయట బెంచీ మీదే ఉన్నాను.

రెండో సిట్టింగుకు మేడం మూడు కాగితాలు తెమ్మంది. ఇంటి పత్రం, బ్యాంకు నుంచి అప్పు ఎంత మిగిలిందో చూపే కాగితం, ఇంటి ధర. ధర కోసం బ్యాంకువాళ్లు పంపే మనిషినే పిలిపించారు. పంతొమ్మిది లక్షలన్నాడు.

ఆ బ్యాంకు కాగితం చూసి ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారట. నెలకు 7,457 హప్తా. పదేళ్లలో ఎనిమిది లక్షల తొంభై నాలుగు వేల పైన కట్టారు. తీసుకున్నదే ఎనిమిది లక్షలు కదా, ఇరవై ఏళ్లలో పదేళ్లు అయిపోయాయి, అప్పు సగం తీరి ఉంటుందనుకున్నారు. తీరా చూస్తే ఐదు లక్షల డెబ్బై ఆరు వేలు ఇంకా ఉంది! ముందటి ఏళ్లలో హప్తాలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుందట, అసలు చాలా నిమ్మళంగా తగ్గుతుందట. హప్తా కట్టేవాళ్లు ఏడాదికోసారైనా ఆ కాగితం తీయించి చూసుకోండి.

పేరు ముందా వెనకా అన్న పంచాయితీ మేడం ఒక్క మాటతో తెగ్గొట్టింది. పత్రంలో ఇద్దరి పేర్లూ ఉండి ఎవరి వాటా ఎంతో రాయకపోతే చెరి సగం అనే మొదలుపెడతారు, ముందు రాసిన పేరుకు ఎక్కువ రాదు. కానీ ఇల్లు ఎవరిది అనేది ఒక ప్రశ్న, ఇంట్లో ఎవరుండాలి అనేది ఇంకో ప్రశ్న, రెండూ కలిపి కొట్లాడితే తేలదు అంది. నాకు ఆ మాట నచ్చింది. మా ఇళ్లల్లో అన్నదమ్ముల గొడవలన్నీ ఇక్కడే చిక్కుపడేవి.

మూడో సిట్టింగులో నన్ను లోపలికి పిలిచారు. ఇద్దరూ ఒప్పుకుంటే బంధువుల్ని కూర్చోనిస్తారు. పిలిచింది నా ఎనభై వేల కోసం.

మేడం అడిగింది, ‘ఈ డబ్బు అప్పా, బహుమతా?’

మా పిల్లగాడు వెంటనే ‘పెద్దమ్మ ఇచ్చింది మేడం, బహుమతి’ అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు. చిన్నప్పుడు వాణ్ని సాంచల చప్పుట్లో గోనెసంచి మీద పండబెట్టుకుని పని చేసిందాన్ని నేను. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. సాక్షి లేడు, కాగితం లేదు, ఏం చెప్పను?

కోడలే అంది, ‘బహుమతి కాదు మేడం. అత్త భిశీ ఎత్తి ఇచ్చింది. నెమ్మదిగా ఇద్దాం అని మేమిద్దరం అనుకున్నాం. నాలుగుసార్లు అనుకున్నాం, ఒక్కసారీ ఇవ్వలే.’

వాడు చాలాసేపు బల్ల మీద వేలితో గీతలు గీశాడు. తర్వాత ‘అవును’ అన్నాడు. వడ్డీ వద్దన్నాను నేను. మేడం రాసుకుంది.

అప్పుడు లెక్క వేశారు. పంతొమ్మిది లక్షల్లోంచి బ్యాంకు అప్పు తీస్తే పదమూడు లక్షల ఇరవై నాలుగు వేలు. నా ఎనభై వేలు తీస్తే పన్నెండు లక్షల నలభై నాలుగు. చెరి సగం చేస్తే ఆరు లక్షల ఇరవై రెండు వేలు.

ఇప్పుడే అమ్మితే ఆ డబ్బు చేతికొస్తుంది. కానీ దాంతో మా పేటలో ఒక్క గది కూడా రాదు, ఇద్దరూ కిరాయికి పోవాల్సిందే. పిల్ల ఎనిమిదో తరగతి, బడి పక్క గల్లీలో. కోడలే ఉంచుకుంటానంటే వానికి ఆరు లక్షల ఇరవై రెండు వేలివ్వాలి, పైగా మొత్తం హప్తా తానే కట్టాలి. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఆమెకొచ్చేది పదకొండు వేలు. బ్యాంకులో అడిగితే, ఆమె ఒక్కదాని సంపాదన మీద అప్పు మార్చం, అతని పేరు తీయం అన్నారు. ఇక్కడ మనలాంటి వాళ్లు మోసపోతారు. భార్యాభర్తలు తమలో తాము ఏం రాసుకున్నా బ్యాంకుకు పట్టదు. అప్పు ఇద్దరి పేరా తీసుకుంటే, బ్యాంకు వదిలేదాకా ఇద్దరూ బాధ్యులే. హప్తా తప్పితే ఇద్దరికీ మచ్చే.

వేరేగా మాట్లాడినప్పుడు మేడం వాళ్ల చేత ఏదో చెప్పించింది కాబోలు, నాలుగో రోజు వాడు మెత్తబడి వచ్చాడు. ‘నాకు ఇల్లు కావాలని కాదు పెద్దమ్మా’ అన్నాడు బెంచీ మీద. ‘అమ్మ ఖోలీలో తమ్ముడు, వాని పెళ్లాం, ఇద్దరు పిల్లలు. నేను గుమ్మంలో పండుకుంటున్న. ఇల్లు ఇచ్చేస్తే ఇంక నాకు ఏ ఊర్ల ఏమీ లేదన్నట్టు అయితది.’ పదేళ్లు హప్తా కట్టినోడి బాధ అది. కోడలు నేల చూస్తూ కూర్చుంది. ఆమెకూ వినబడింది.

చివరికి మూడో దారి పట్టారు. పిల్ల పదో తరగతి అయ్యేదాకా, అంటే 2027 మే దాకా, ఇల్లు ఇద్దరి పేరునే ఉంటుంది. తల్లీ పిల్లా అందులో ఉంటారు. తర్వాత మళ్లీ ధర కట్టించి, కొనే మొదటి హక్కు కోడలిది. మూడు నెలల్లో ఆమెకు కుదరకపోతే అమ్మి, ముందు బ్యాంకు అప్పు, తర్వాత నా ఎనభై వేలు, మిగిలింది చెరి సగం. హప్తా చెరి సగం. పిల్ల ఖర్చుకు నెలకు మూడు వేలు వాడు వేరే ఇవ్వాలి. ‘ఇంట్లో ఉండనిస్తున్న కదా, ఈ మూడు వేలు ఎందుకు?’ అని వాడు అడిగాడు. పిల్ల పోషణ పిల్ల హక్కు, తల్లి దాన్ని వదులుకుంటానన్నా చెల్లదు అని మేడం గట్టిగా చెప్పింది.

నాకు అన్నిటికన్నా బాగా అనిపించింది ఇంకోటి. మేడం మొదట ‘ప్రతి నెలా ఐదో తారీఖు’ అని రాయబోయింది. నేను ఆపాను. సాంచల పని పగారు వారానికోసారి, శనివారం ఇస్తారమ్మా, నెల చివరికి వాని చేతిలో ఏముంటుంది అన్నాను. ఆమె కలం ఆపి, వానివైపు తిరిగి ‘వారం వారం ఎంత పెట్టగలవు?’ అని అడిగింది. ఆదివారం లోపల అప్పు ఖాతాలో 950, కోడలి ఖాతాలో 750 అని రాశారు. నూలు లేక కార్ఖానా రెండు వారాలు ఆగితే ఏం చేయాలో కూడా రాశారు. వాడు ముందే చెప్పాలి, ఆమె కడుతుంది, కట్టింది నోట్‌బుక్కులో రాసుకుని ఇల్లు అమ్మిన రోజు వాని వాటాలోంచి తీసుకోవాలి. ఎవరైనా చనిపోతే అని అడిగినప్పుడు మాత్రం గదిలో ఎవరం మాట్లాడలేదు. విడాకులయ్యాక అతని సగం అతని తల్లికీ కూతురికీ పోతుందని మేడమే చెప్పింది. ఎవరూ కాదనలేదు.

చదివి వినిపించారు, మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ప్రతి పేజీ మీదా ఇద్దరూ సంతకం చేశారు. నాకు సంబంధించిన పేజీ మీద నేనూ చేశాను. కాగితం జడ్జి ముందుకు పోయింది. ఎవరైనా బలవంతం చేశారా అని ఇద్దర్నీ వేరువేరుగా అడిగి, ఉత్తర్వులో కలిపాడు. ఇంక ఎవరు మాట తప్పినా ఆ కాగితం పట్టుకుని నేరుగా కోర్టుకు పోవచ్చు, కేసు మొదటినుంచి నడపక్కర్లేదు.

నా మనసులో ఒక అనుమానం లేకపోలేదు. మూడేళ్లు చిన్నవి కావు, ఈలోపల వాడు ఇంకో పెళ్లి చేసుకోవచ్చు, ఆమె చేసుకోవచ్చు, ధర పడిపోవచ్చు. అమ్మేస్తేనే మేలని మా చెల్లెలు ఇప్పటికీ అంటుంది. ఏమో, ఆమె మాటా తప్పని చెప్పలేను.

బయటికొచ్చాక గేటు దగ్గర వాడే చాయ్ తెప్పించాడు, మూడు కట్టింగులు. జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. కాగితంలో అదీ ఉంది, రెండో చెవి ఆ రోజే ఇచ్చేయాలని. ఆమె కొంగుకు కట్టుకుంది. అప్పట్లో ఐదు రోజులకోసారి కదా మాకు నీళ్లు.

‘రేపు నల్లా వస్తది’ అన్నాడు వాడు. ‘మోటారు వైరు ఒకటి ఊడి ఉన్నది. తడి చేత్తో ముట్టకు. పక్కింటి పిల్లగాన్ని పిలిపించు.’

‘సరే’ అంది కోడలు. చాయ్ గ్లాసు పెట్టి బస్సు వైపు నడిచింది.