బద్దెపురుగులో అసలు పనంతా మెడ దగ్గరే

బద్దెపురుగు పటం గీయమంటే చాలామంది విద్యార్థులు తల మీద ఎక్కడలేని శ్రద్ధ పెడతారు. కొంకులు లెక్కపెట్టి మరీ గీస్తారు. కింద మెడకు మాత్రం రెండు గీతలు గీసి వదిలేస్తారు. కానీ మీటర్ల పొడవుండే ఆ పురుగంతా పుట్టేది ఆ రెండు గీతల మధ్యనుంచే. అది అర్థమైతే మిగతా శరీర నిర్మాణాన్ని బట్టీ పట్టాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

పందిమాంసం ద్వారా మనిషికి సోకే టీనియా సోలియంనే తీసుకుందాం. సరిగా ఉడకని మాంసంలో 5 నుంచి 10 మిల్లీమీటర్ల నీటితిత్తి ఉంటుంది. దాన్ని సిస్టిసర్కస్ అంటారు. అందులో పురుగు తల లోపలికి ముడుచుకుని ఉంటుంది. తిత్తి మన చిన్నపేగులోకి చేరి పైత్యరసం తగలగానే ఆ తల తిరగబడి బయటికి వచ్చి పేగు గోడను పట్టుకుంటుంది. అప్పటికి దానికి ఉన్నవి తల, దాని వెనక పొట్టి మెడ మాత్రమే. రెండు మూడు నెలలు గడిచేసరికి అదే 2 నుంచి 4 మీటర్ల పురుగవుతుంది.

తలను స్కోలెక్స్ అంటారు. అడ్డంగా కొలిస్తే దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది. దాని చుట్టూ కండరాలతో చేసిన నాలుగు చూషకాలు ఉంటాయి. కొనమీద రాస్టెల్లం అనే చిన్న బుడిపె, దానిమీద రెండు వరసల్లో కొంకులు ఉంటాయి. కొంకులు మొత్తం 22 నుంచి 32 వరకు ఉండొచ్చు. ఒక వరస పెద్దవి, ఒక వరస చిన్నవి. ఇక్కడే జవాబుపత్రాల్లో తరచూ ఒక తప్పు దొర్లుతుంది: చూషకాలతో పురుగు రక్తం పీలుస్తుందని రాసేస్తారు. చూషకం అడుగున రంధ్రమేమీ లేదు, అది ఎక్కడికీ దారి తీయదు. పేగు కదలికలకు పురుగు కొట్టుకుపోకుండా పట్టుకోవడమే చూషకాల పనీ, కొంకుల పనీ. తలలో నాడీసంధులు ఉన్నాయి గానీ నోరు లేదు.

తల వెనక సన్నగా, ముక్కలుగా విడిపోకుండా ఉండే భాగమే మెడ. అక్కడి కణాలు ఎడతెగకుండా విభజన చెందుతూ కొత్త ముక్కల్ని వెనక్కి నెడుతుంటాయి. ఒక్కో ముక్క ఒక ప్రోగ్లాటిడ్. ఇవన్నీ కలిసిన గొలుసును స్ట్రోబిలా అంటారు. సోలియంలో ఇవి 700 నుంచి 1,000 దాకా ఉంటాయి. మెడకు దగ్గరున్నది నిన్న మొన్న పుట్టినది, చివరన ఉన్నది అన్నిటికన్నా పాతది. వానపాము వంటి అనెలిడ్లలో కొత్త ఖండాలు తోక కొసకు కాస్త ముందు ఏర్పడతాయి. బద్దెపురుగులో దిశ తిరగబడింది. ఇది నిజమైన ఖండీభవనం కాదని జంతుశాస్త్రజ్ఞులు చెప్పడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇప్పుడు ఒక్క ప్రోగ్లాటిడ్ వెంట నడుద్దాం. మెడ దాటిన కొత్తలో అది పొడవు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న పలచని ముక్క. లోపల ప్రత్యుత్పత్తి అవయవాలు ఇంకా తయారు కాలేదు. ఇది అపరిపక్వ ప్రోగ్లాటిడ్. వెనక్కి జరిగేకొద్దీ ముందు పురుష అవయవాలు, తర్వాత స్త్రీ అవయవాలు సిద్ధమవుతాయి. గొలుసు మధ్యకు వచ్చేసరికి ముక్క దాదాపు చతురస్రంగా మారుతుంది. అందులో 150 నుంచి 200 వరకు చిన్నచిన్న ముష్కాలు, వెనకవైపు అండాశయం కనిపిస్తాయి. అండాశయానికి రెండు పెద్ద తమ్మెలు, వాటి పక్కన చిన్నదొకటి ఉంటాయి. ఆ మూడో తమ్మె సోలియం గుర్తు. పశుమాంసం ద్వారా వచ్చే టీనియా సాజినేటాలో అది ఉండదు. అక్కడి తలకు కొంకులూ ఉండవు. ఇది పరిపక్వ ప్రోగ్లాటిడ్. మగ, ఆడ అవయవాలు రెండూ పక్క అంచునున్న ఒకే జననరంధ్రంలోకి తెరుచుకుంటాయి. ఫలదీకరణ ఆ ముక్కలోనే జరగొచ్చు, లేదా గొలుసు మడతపడ్డప్పుడు ఇంకో ముక్కతో జరగొచ్చు. పేగులో సాధారణంగా ఒక్క పురుగే ఉంటుంది కాబట్టి ఈ ఏర్పాటు దానికి అవసరమే.

ఆ తర్వాత ముక్కలో గర్భాశయం తప్ప అన్నీ క్షీణిస్తాయి. నడిమి కాడ నుంచి రెండు వైపులా కొమ్మలు వేసి, ఆ గర్భాశయం ముక్కంతా ఆక్రమిస్తుంది. దానికి బయటికి ద్వారం లేదు. 30,000 నుంచి 50,000 గుడ్లు లోపలే పేరుకుంటాయి. వెడల్పు కన్నా పొడవు ఎక్కువైన ఈ ముక్కే గ్రావిడ్ ప్రోగ్లాటిడ్. నాలుగైదు ముక్కలు కలిసి తెగి మలంతో బయటికి పోతాయి. ల్యాబ్‌లో ఈ ముక్కను రెండు గాజుపలకల మధ్య నొక్కి ఒక్కో వైపున్న ముఖ్యమైన కొమ్మలు లెక్కపెడతారు. 7 నుంచి 13 ఉంటే సోలియం, 15కు పైబడితే సాజినేటా. చేతికి గ్లవ్స్ లేకుండా ఆ పని చేయకూడదు. సోలియం గుడ్లు పొరపాటున నోట్లోకి పోతే తిత్తులు మన కండరాల్లోనూ మెదడులోనూ ఏర్పడతాయి.

మరి ఇంత పెరుగుదలకు తిండి ఎక్కడిది? ఈ పురుగుకు ఏ దశలోనూ జీర్ణనాళం ఉండదు. ఆ పనంతా చర్మానిదే. దాని పైపొరను పాత పుస్తకాలు నిర్జీవమైన అవభాసిని అనేవి. 1960ల ప్రాంతంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూశాక అది సజీవమైన టెగ్యుమెంట్ అని తేలింది. అందులో కణాల మధ్య గోడలుండవు. కేంద్రకాలున్న కణభాగాలు కండరపొర కింద ఉండి సన్నని వంతెనల ద్వారా పైపొరతో కలుస్తాయి. పైపొర ఉపరితలమంతా మైక్రోట్రైక్స్ అనే అతిసూక్ష్మమైన నూగు. తువ్వాలు మీది పోగుల్లాగే ఇవి కూడా పీల్చుకునే వైశాల్యాన్ని ఎన్నో రెట్లు పెంచుతాయి.

మనం తిన్న అన్నంలోని పిండిపదార్థాన్ని మన ఎంజైములే గ్లూకోజుగా విడగొడతాయి. పురుగు ఆ గ్లూకోజును సోడియం అయాన్లతో జోడించి, శక్తి ఖర్చుచేసి లోపలికి లాక్కుంటుంది. అమైనో ఆమ్లాలకు వేరే వాహకాలున్నాయి. కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకోలేదు కాబట్టి అవీ మన పేగునుంచే తీసుకోవాలి. పేగులో ఆక్సిజన్ అంతంతమాత్రం. అందుకే గ్లూకోజును పూర్తిగా మండించకుండా సగంలో వదిలేసి, మిగిలినదాన్ని గ్లైకోజన్‌గా దాచుకుంటుంది. లోపల రక్తప్రసరణ వ్యవస్థ లేకపోయినా ఇబ్బంది రాకపోవడానికి కారణం శరీరం పలచగా ఉండటమే. ఏ కణమూ ఉపరితలానికి దూరంగా ఉండదు. ఎలుకల్లో ఉండే హైమినోలెపిస్ డిమిన్యూటా అనే బద్దెపురుగు మీద చేసిన ప్రయోగాల్లో, ఎలుక తిండిలో పిండిపదార్థం తగ్గిస్తే పురుగు గిడసబారింది. ఎలుక మేత తిన్నప్పుడు అదే పురుగు పేగులో ముందుకు, ఆహారం దిగే వైపు జరిగింది. అదే పురుగు తన చుట్టూ ఉన్న ట్రిప్సిన్‌ను పనిచేయకుండా చేయగలదని కూడా తేలింది. మనం తిన్న మాంసాన్ని అరిగించే పేగు రసం తనలోనే ఉన్న పురుగును అరిగించకపోవడానికి అదొక కారణం.

చికిత్స కూడా ఈ చర్మం, ఆ మెడ ఆధారంగానే నడుస్తుంది. ప్రాజిక్వాంటెల్ మందు పురుగు కణాల్లోకి కాల్షియం జొరబడేలా చేస్తుంది. కండరాలు బిగుసుకుపోతాయి, మెడ దగ్గర టెగ్యుమెంట్ చితికిపోతుంది. రక్షణ పోయిన పురుగును మన ఎంజైములు అరిగించేస్తాయి, అందుకే మలంలో తల కోసం వెతికినా తరచూ దొరకదు. తల, మెడ బతికి మిగిలాయో లేదో వెంటనే చెప్పలేం. ఒక్క ముక్కా లేకుండా గొలుసంతా పోయినా ఆ రెండూ ఉంటే మళ్లీ కొత్త ముక్కలు తయారై, చివరివి గుడ్లతో నిండడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కాబట్టి మందు వేసిన మూడు నెలలకు మలపరీక్ష మళ్లీ చేయించి, అప్పుడు కూడా గుడ్లూ ముక్కలూ కనబడకపోతేనే డాక్టర్లు పురుగు పోయిందని నిర్ధారిస్తారు.