20 + 10 = 28! ఆ రెండు శాతం ఎటుపోయింది?

ఆషాఢం సేల్. బట్టల షాపు ముందు పెద్ద బ్యానర్: '20% + 10% డిస్కౌంట్'. ఓ కుటుంబం రూ.10,000 విలువైన బట్టలు ఎంచుకుని బిల్లింగ్ కౌంటర్ దగ్గరికి వచ్చింది. "ఇరవై, పది... ముప్పై శాతం తగ్గింపు. ఏడు వేలు కదా బాబూ" అంటూ పెద్దాయన నోట్లు లెక్కపెట్టి కౌంటర్ మీద పెట్టారు. కంప్యూటర్ మాత్రం రూ.7,200 చూపిస్తోంది. కౌంటర్‌లో ఉన్నది పార్ట్‌టైమ్‌గా చేరిన డిగ్రీ కుర్రాడు. "సిస్టమ్‌లో అంతే వస్తోందండీ" అన్నాడు. "అంటే సిస్టమ్ పేరు చెప్పి రెండొందలు లాగేస్తారా?" అని ఆయన గొంతు పెంచారు. వెనక క్యూ పెరుగుతోంది. కుర్రాడి దగ్గర జవాబు లేదు.

నిజానికి సిస్టమ్ లెక్క కరెక్టే. తప్పింది పెద్దాయన కూడికే. కానీ ఎందుకు తప్పిందో ఒక్క మాటలో చెప్పగలిగితే ఆ గొడవే ఉండేది కాదు. ఎస్‌ఎస్‌సీ, రైల్వే, బ్యాంకు పరీక్షల అరిథ్‌మెటిక్‌లో 'వరుస రాయితీలు' (సక్సెసివ్ డిస్కౌంట్స్) పేరుతో వచ్చే ప్రశ్నల్లోనూ ఇదే చిక్కు ఉంటుంది.

రెండో పది శాతం దేని మీద?

శాతం ఒంటరిగా ఉండదు. 'పది శాతం' అనగానే 'దేనిలో?' అని అడగాలి. ఆ బిల్లునే చూద్దాం.

మొదటి రాయితీ 20 శాతం. అది రూ.10,000 మీద లెక్క. రూ.2,000 తగ్గి రూ.8,000 మిగిలింది. ఇప్పుడు రెండో రాయితీ 10 శాతం. ఇది రూ.10,000 మీద కాదు, మిగిలిన రూ.8,000 మీదే. అందులో పది శాతం రూ.800. అది తీసేస్తే రూ.7,200. మొత్తం తగ్గింది రూ.2,800. అంటే 28 శాతం.

మరి పెద్దాయన అడిగిన రూ.200 ఎటుపోయింది? రెండో పది శాతాన్ని ఆయన మొత్తం పది వేల మీద లెక్కేశారు. అందులో రూ.2,000 అప్పటికే బిల్లులోంచి తీసేశారు. లేని రెండు వేల మీద ఇంకో పది శాతం ఎవరిస్తారు? ఆ రూ.2,000లో పది శాతమే ఈ రూ.200. కౌంటర్‌లో చెప్పాల్సిన జవాబు కూడా ఇదే: "మొదట తగ్గించిన రెండు వేల మీద మళ్లీ తగ్గింపు రాదండీ, మిగిలిన ఎనిమిది వేల మీదే వస్తుంది."

తగ్గింది కాదు, మిగిలింది చూడండి

ఈ లెక్కకు సులువైన దారి ఒకటుంది. ఎంత తగ్గిందో కాకుండా ఎంత మిగిలిందో చూడాలి. 20 శాతం తగ్గితే 80 శాతం మిగులుతుంది. 10 శాతం తగ్గితే 90 శాతం మిగులుతుంది. ఈ రెండింటినీ గుణిస్తే చాలు: 0.80 × 0.90 = 0.72. కట్టాల్సింది 72 శాతం, కాబట్టి రాయితీ 28 శాతం.

గుణకారం కాబట్టి ముందు 10, తర్వాత 20 తగ్గించినా ఫలితం మారదు. మూడో రాయితీ ఉంటే ఇంకో గుణకారం. 20, 10, 5 శాతాలైతే 0.72 × 0.95 = 0.684. మొత్తం రాయితీ 31.6 శాతం. కూడితే వచ్చే 35 కాదు.

కోచింగ్ నోట్సుల్లో కనిపించే a + b − ab/100 సూత్రం కూడా ఇదే. చివర తీసేసే ab/100 ముక్కే మన రూ.200 కథ. 20 × 10 / 100 = 2 శాతం.

రాయితీలు పెద్దవయ్యే కొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది. 20 + 10లో పోయేది రెండు శాతమే. అదే '50% + 40%' బోర్డు చూస్తే తొంభై శాతం అనిపిస్తుంది. కానీ 0.50 × 0.60 = 0.30. అసలు రాయితీ 70 శాతమే. '50% + 50%' అంటే ఊరికే ఇచ్చేస్తున్నారని కాదు, పావు వంతు ధర కట్టాల్సిందే.

ఎక్కడ వరుస మారితే లెక్క మారుతుంది?

శాతాలు రెండూ ఉన్నప్పుడే వరుసతో పని లేదు. ఒకటి శాతం, ఇంకోటి రూపాయల కూపన్ అయితే తేడా వస్తుంది. రూ.2,000 వస్తువుకు 10 శాతం తగ్గింపు, రూ.200 కూపన్ ఉన్నాయనుకుందాం. ముందు కూపన్ వాడితే రూ.1,800, దాని మీద 10 శాతం పోగా రూ.1,620. ముందు 10 శాతం తగ్గిస్తే రూ.1,800, అందులోంచి కూపన్ రూ.200 పోతే రూ.1,600. కొనేవారికి ఇరవై రూపాయలు లాభం. కూపన్ ముందు వాడితే ఆ రూ.200 మీద రావాల్సిన పది శాతం పోతుంది.

ఇంకో సంగతి. రెండు రాయితీలూ ముద్రిత ధర మీదే అని షాపువాళ్లు స్పష్టంగా చెబితే అప్పుడు 30 శాతమే అవుతుంది. బోర్డు మీద '+' గుర్తు చూసి తేల్చుకోలేం. 'రెండో పది శాతం ఏ ధర మీద?' అని కొనే ముందే అడగాలి. కొన్నాకైతే బిల్లు చూస్తే తెలిసిపోతుంది. పది వేల సరుకుకు రెండో రాయితీ వరసలో రూ.1,000 ఉంటే ముద్రిత ధర మీద ఇచ్చినట్లు. రూ.800 ఉంటే తగ్గించిన ధర మీద ఇచ్చినట్లు.

పరీక్షలో ఎలా తిప్పి అడుగుతారు?

నేరుగా అడిగితే ఆప్షన్లలో 30 శాతం తప్పక ఉంటుందనుకోండి. తొందరపడేవాళ్లు దాన్నే గుర్తిస్తారు. తిప్పి అడిగే ప్రశ్నలు రెండు రకాలు.

ఒకటి: 20%, 10% వరుస రాయితీల తర్వాత ఓ వస్తువును రూ.1,440కి అమ్మారు. ప్రకటిత వెల ఎంత? చాలామంది రూ.1,440కి 28 శాతం కలిపేస్తారు. అప్పుడు రూ.1,843.20 వస్తుంది, అది తప్పు. 28 శాతం తగ్గింది ప్రకటిత వెలలో, రూ.1,440లో కాదు. రూ.1,440 అనేది ప్రకటిత వెలలో 72 శాతం. కాబట్టి 1,440 ÷ 0.72 = రూ.2,000. సరిచూసుకోండి: 2,000 నుంచి 1,600, అక్కడి నుంచి 1,440.

రెండు: మొదటి రాయితీ 20%. మొత్తం రాయితీ సరిగ్గా 30% కావాలంటే రెండోది ఎంత? వంద రూపాయల వస్తువు తీసుకోండి. మొదటి రాయితీతో రూ.80 అయింది. రూ.70కి రావాలంటే ఇంకో రూ.10 తగ్గాలి. ఆ పది రూపాయలు ఎనభైలో ఎంత శాతం? 10/80, అంటే 12.5 శాతం. 'ముప్పై శాతం' ఇవ్వాలనుకునే షాపు బోర్డు మీద 20 + 12.5 అని రాయాలన్నమాట!

ఇప్పుడు మీరు చెప్పండి: ఓ షాపులో నేరుగా 30%, పక్క షాపులో '25% + 10%'. వస్తువు, ముద్రిత ధర ఒకటే. ఎక్కడ కొంటే లాభం? మిగిలింది గుణించండి: 0.75 × 0.90 = 0.675. రాయితీ 32.5 శాతం. పక్క షాపే చవక. అదే బోర్డు '25% + 5%' అయితే 0.75 × 0.95 = 0.7125. రాయితీ 28.75 శాతమే. అప్పుడు నేరుగా 30 శాతం ఇచ్చే షాపుకే వెళ్లాలి.